స్టైపెండ్ 96 వేలు, పన్ను డిమాండ్ 4 లక్షల 32 వేలు

సంపాదకుడు గారికి,

నేను బీటెక్ చదివేటప్పుడు 2021-22లో ఒక కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేశాను. నెలకు 8 వేలు స్టైపెండ్. అందులో 10 శాతం టీడీఎస్ కోసుకుని 7,200 బ్యాంకులో వేసేవారు. ఏడాది మొత్తానికి 96 వేలు. ఆ సంవత్సరం రెండున్నర లక్షల దాకా పన్ను లేదు కాబట్టి రిటర్ను వేయాల్సిన అవసరం లేదనుకున్నాను, వేయలేదు.

గత ఏడాది ఫిబ్రవరిలో ఆదాయపు పన్ను శాఖ నుంచి ఇంటికి కాగితం వచ్చింది. నా ఆదాయం 15 లక్షల 36 వేలట. పన్ను, వడ్డీ కలిపి 4 లక్షల 32 వేలు నెలరోజుల్లో కట్టాలట. మా నాన్న కౌలు రైతు. ఆ కాగితం రెండుసార్లు చదివించుకుని, ఆ రాత్రి అన్నం తినలేదు.

అంతకుముందు పంపిన నోటీసులకు జవాబివ్వలేదు కాబట్టి మా దగ్గరున్న సమాచారంతోనే ఆదాయం లెక్కగట్టాం అని ఉత్తర్వులో రాశారు. ఆ నోటీసులు నాకు అందలేదు. ఇంటర్ చదివే రోజుల్లో మా ఊరి నెట్ సెంటర్‌లో పాన్ కార్డుకు దరఖాస్తు పెట్టాను. అప్పుడు ఆ సెంటర్ వాళ్లు తమ మెయిల్ ఐడీయే ఇచ్చేశారు. నోటీసులన్నీ అక్కడికే వెళ్లాయి. నాలాగే నెట్ సెంటర్‌లో పాన్ తీసుకున్న పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. దయచేసి ఈరోజే ఆదాయపు పన్ను పోర్టల్‌లోకి వెళ్లి తమ పేరు మీద ఏ మెయిల్, ఏ ఫోన్ నంబరు ఉన్నాయో చూసుకోమని చెబుతున్నాను.

నా పాన్ మీద ఎవరు ఎంత చెల్లించి ఎంత పన్ను కోశారో చూపే 26ఏఎస్ పత్రాన్ని తెలిసిన ఆడిటర్ గారు తీసి చూపించారు. అసలు సంగతి అందులోనే ఉంది. స్టైపెండ్ వరుసల్లో వృత్తి సేవలకిచ్చే ఫీజుల సెక్షన్ 194జే అని, 10 శాతం కోత అని ఉంది. వాటి కిందే 194సీ పేరుతో మరికొన్ని వరుసలు, మొత్తం 14 లక్షల 40 వేలు, కోత 1 శాతం. 194సీ అంటే కాంట్రాక్టర్లకు ఇచ్చే డబ్బు. కంపెనీని అడిగితే, తమకు బండ్లు తిప్పే కాంట్రాక్టర్ చెల్లింపులు నా పాన్ మీద ఎక్కాయని ఒప్పుకున్నారు. మొదటి మూడు నెలల లెక్కలో పక్క వరుసలోని పాన్ పడింది. అదే తర్వాతి మూడు త్రైమాసికాలకూ పాకింది.

ముప్పై రోజుల్లోపే వెయ్యి రూపాయల రుసుము కట్టి అప్పీలు వేశాం. పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, ఇంటర్న్‌షిప్ లెటర్, కాలేజీ బోనఫైడ్, తప్పు తమదేనని కంపెనీ ఇచ్చిన లేఖ జతచేశాం. పోర్టల్‌లో డిమాండ్‌తో ఏకీభవించడం లేదని రాశాం. మన ఆదాయం గురించి శాఖకు అందిన వివరాలన్నీ చూపే ఏఐఎస్‌లో ఆ సమాచారం వేరే పాన్‌కు చెందినదని పెట్టాం. అప్పీలు తేలేదాకా వసూలు ఆపాలంటే మామూలుగా 20 శాతం కట్టమంటారు. అంటే 86,400. పన్నెండు నెలలు పనిచేస్తే నా చేతికొచ్చిన మొత్తం స్టైపెండ్ సరిగ్గా అంతే. మా పరిస్థితి రాసి పెట్టుకుంటే అధికారి డబ్బు కట్టించుకోకుండానే వసూలు ఆపారు. ఆయనకు నా కృతజ్ఞతలు.

చాలాసార్లు తిరిగితే కంపెనీ సవరణ స్టేట్‌మెంట్ వేసింది. ఇప్పుడు నా 26ఏఎస్‌లో 96 వేలే ఉన్నాయి. అదే పోర్టల్‌లో ఇంకో పేజీ తెరిస్తే 4 లక్షల 32 వేల బాకీ అలాగే ఉంది. అప్పీలు ఇంకా విచారణకు రాలేదు.

ఏఐఎస్‌లో మనం అభ్యంతరం పెడితే, ఆ సమాచారం ఇచ్చినవాళ్లను అడిగి నిర్ధారించుకునే పద్ధతిని శాఖ 2024లోనే తెచ్చింది. మరి రిటర్నే వేయని విద్యార్థి మీద ఏకపక్షంగా ఉత్తర్వు రాసేముందు ఆ ప్రశ్న శాఖ తనంతట తానే కంపెనీకి ఎందుకు వేయకూడదు? ఒక్క మెయిల్‌తో తేలిపోయే విషయం ఇది. 194జే కింద నెలకు 8 వేలు తీసుకునే మనిషికి అదే కంపెనీ 194సీ కింద 14 లక్షలు ఇచ్చిందంటే, చూసినవాళ్లకు అనుమానం రావాలి కదా. మెయిల్‌కు జవాబు రానప్పుడు ఇంటి చిరునామాకు కూడా ఒక నోటీసు పంపాలి. డిమాండ్ కాగితం మా ఇంటికి చేరినప్పుడు, నోటీసు ఎందుకు చేరదు?

టీడీఎస్ స్టేట్‌మెంట్‌లో తప్పుడు పాన్ ఇస్తే 10 వేల నుంచి లక్ష దాకా జరిమానా వేయొచ్చని చట్టంలో ఉంది. తప్పు చేసినవాళ్లకు ఇంతవరకు దాని ఊసే లేదు. ఆడిటర్ ఫీజు, అప్పీలు రుసుము, తిరుగుడు ఖర్చులు మాత్రం మా మీద పడ్డాయి.

ఈ మధ్యే ఉద్యోగంలో చేరాను. నాకు రావాల్సిన రీఫండ్‌ను ఈ బాకీ కింద జమకట్టుకునే వీలు శాఖకు ఉంది. అలా జరగకముందే, సవరించిన 26ఏఎస్ ఆధారంగా నాలాంటివాళ్ల డిమాండ్లను సంబంధిత అధికారులే తిరిగి పరిశీలించి రద్దు చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పూర్వ విద్యార్థిని,
గుంటూరు జిల్లా