శిక్షణ తరగతులు సరే, తరగతి గదిలోకి వచ్చేదెవరు?

సంపాదకులు గారికి,

మా మండలంలో మొన్న రెండు రోజుల శిక్షణ జరిగింది. పిల్లల్ని చిన్న గుంపులుగా కూర్చోబెట్టి చదివించాలన్నారు. బాగుంది. సోమవారం బడికెళ్లాక రెండు తరగతులకు నేనొక్కదాన్నే. ఒక గుంపు దగ్గర కూర్చుంటే మిగతా పిల్లలు కిటికీ ఎక్కారు. మూడో రోజుకే అందరిచేత ఒక్కసారిగా అరిపించి చదివించే పాత పద్ధతికి వచ్చేశాను.

దక్షిణాఫ్రికాలో 2015లో దీన్నే పరీక్షించారు. ఒక యాభై బడుల టీచర్లకు శిక్షణ తరగతులు, ఇంకో యాభై బడుల టీచర్లకు నెలనెలా తరగతికే వచ్చి చూసి, చేసి చూపించే కోచ్. పాఠ ప్రణాళికలు, పుస్తకాలు ఇద్దరికీ ఒకటే. రెండేళ్లకు కోచ్ ఉన్న బడుల పిల్లల చదువులో మెరుగుదల, శిక్షణ మాత్రమే అందిన బడులతో పోలిస్తే దాదాపు రెట్టింపు. ఆ టీచర్లు గుంపులు చిన్నవి చేశారు, ఒక్కో పిల్లాడికీ టీచర్ ముందు చదివే అవకాశం దొరికింది. నా గదిలో నిలవనిది అదే.

అయితే కోచింగ్‌కు ఖర్చెక్కువ. 60 అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి సమీక్షలో, వందమంది టీచర్లు దాటిన కార్యక్రమాల్లో ఫలితం బాగా తగ్గింది. మంచి కోచ్‌లు అంతమంది దొరకరు మరి.

మా బడికీ మనుషులొస్తారు. రిజిస్టర్లు, ఫొటోలు చూసి సంతకం పెట్టి వెళ్తారు. కనీసం ఒక మండలంలోనైనా ఆ రాకను ముప్పావుగంట పాఠం చూడటానికి వాడి చూడండి.

- ఒక ఎస్జీటీ, చిత్తూరు జిల్లా