ఎక్స్‌రే మనిషికి అంటుకోదు

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ ఆరోగ్యం పేజీలో ‘ఎక్స్‌రే తీయించుకున్నవారు ఒక రోజు పసిపిల్లల్ని ఎత్తుకోకూడదు’ అని వేశారు. సవరణ వేస్తారేమోనని రోజూ పేపరంతా తిరగేశాను. లేదు. ఈలోగా మా బంధువులమ్మాయి ఛాతీ ఎక్స్‌రే తీయించుకొచ్చి, బిడ్డ ఏడుస్తున్నా పాలివ్వక పిండి పారబోసింది. ముప్పై ఏళ్లు ఎక్స్‌రే గదిలో పనిచేసిన నా మాట కంటే మీ అచ్చు అక్షరమే ఆమెకు వేదం.

ఆ సలహా థైరాయిడ్ చికిత్సకు రేడియోధార్మిక అయోడిన్ మింగినవారికి చెప్పేది. అక్కడ ఒంట్లోకి వెళ్లిన పదార్థమే కిరణాలు విడుస్తూ ఉంటుంది. ఎక్స్‌రేలో ఒంట్లోకి పదార్థమేదీ పోదు. కిరణాల్లో కొన్ని శరీరం దాటిపోతాయి, కొన్ని అందులోనే ఇంకిపోతాయి, మిషన్ ఆపగానే కొత్తవి పుట్టవు. హాని ఉంటే అది ఆ క్షణంలో కణాలకు తగిలిన దెబ్బే; పక్కవాడికి పంచేందుకు ఏమీ మిగలదు. శరీరమే రేడియోధార్మికం కావాలంటే పరమాణు కేంద్రకం మారాలి. ఆక్సిజన్ కేంద్రకం నుంచి ఒక్క న్యూట్రాన్‌ను ఊడగొట్టడానికే కోటిన్నర ఎలక్ట్రాన్ వోల్టులకు పైగా శక్తి కావాలి. ఛాతీ ఎక్స్‌రే కిరణానికి మహా అయితే లక్షన్నర.

బ్రెజిల్‌లోని గొయానియాలో ఏం జరిగిందో మీ విలేకరి ఒకసారి చదివితే బాగుండేది. అక్కడి క్లినిక్‌లో సీసియం-137 అనే రేడియోధార్మిక పదార్థం పెట్టిన క్యాన్సర్ చికిత్స మిషన్ ఉండేది. సీసియం సీలు వేసిన గుళికలో ఉన్నంతకాలం రోగులకు కిరణాలే తగిలాయి, వారు ఇంటికి ఏమీ మోసుకుపోలేదు. తరవాత క్లినిక్ వాళ్లు మిషన్‌ను పాడుబడ్డ భవనంలోనే వదిలేసి పోయారు. 1987లో పాతసామాను కోసం వచ్చినవాళ్లు దాన్ని విప్పారు, గుళిక పగిలింది. చీకట్లో నీలంగా మెరుస్తున్న పొడిని చూసి ముచ్చటపడి కొందరు ఒంటికి రాసుకున్నారు. పొడి చేతులకీ బట్టలకీ అంటి ఇల్లిల్లూ తిరిగింది. లక్షకు పైగా జనాన్ని పరీక్షిస్తే 249 మందిలో కాలుష్యం కనబడింది, నలుగురు చనిపోయారు. అదే సీసియం, అవే కిరణాలు. సీలు ఊడి పదార్థం బయటపడటమొక్కటే తేడా.

తేడా పట్టుకోవడమూ కష్టం కాదు. పొడి అంటినవాడి దగ్గర కిరణాల్ని పసిగట్టే గైగర్ కౌంటర్ టకటకలాడుతుంది. చర్మాన్ని తడిగుడ్డతో తుడిస్తే ఆ గుడ్డ దగ్గర కూడా మోగుతుంది. బట్టలు తీసి సబ్బుతో కడిగితే ఆ మోత చాలావరకు తగ్గుతుంది. ఎక్స్‌రే గది నుంచి వచ్చినవాడి దగ్గర, గోడ దగ్గర ఎంత మోగుతుందో అంతే మోగుతుంది.

ఆసుపత్రివాళ్లూ తక్కువ తినలేదు. తలుపు మీద ‘ప్రమాదం’ అని ఎర్రక్షరాలతో రాసి చేతులు దులుపుకుంటారు, ఎవరికి ప్రమాదమో, ఎంతసేపో రాయరు. అధికారులు తనిఖీకొస్తే బోర్డు ఉందా లేదా అనే చూస్తారు. ఒకప్పుడు మీ పేపర్లో ఇలాంటివి వేసేముందు తెలిసినవాళ్లను అడిగేవారు. ఇప్పుడు అడిగే తీరిక ఎవరికుంది లెండి.

సవరణ వేస్తే అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి. టెండరు ప్రకటనల కింద కాదు.

— ఒక రిటైర్డ్ రేడియోగ్రాఫర్