ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు అక్కకు

అక్కా, కంగారులో మీ పేరు కూడా అడగలేదు. కడపలో డెంగీతో ఆసుపత్రిలో చేరిన మా ఏడేళ్లవాడు రెండు రోజులుగా నోరు విప్పలేదు. రక్తం తీయబోతే చెయ్యి లాక్కునేవాడు. ప్లేట్‌లెట్లు తగ్గుతుంటే నాకు ఒకటే టెన్షన్.

మీరు వాడి మంచం మీదే కూర్చుని కథ ఎత్తుకున్నారు. ఒక పిల్లోడు విన్న మాటలన్నీ జాడీల్లో దాచుకుంటాడంట. సంతోషం జాడీలో కారం దోశ, వాన, సెలవు, అవ్వ. భయం జాడీలో సూది, చీకటి, ఉరుము. కోపం జాడీలో 'నోర్ముయ్', 'తర్వాత చూద్దాం'. దిగులు జాడీలో బస్టాండు, ఖాళీ మంచం. చెబుతూనే ఒక్కో మాటా చీటీ మీద రాసి, ఖాళీ మాత్రల డబ్బాల్లో వాడి చేతే వేయించారు.

"మరి కువైట్ ఏ జాడీలో?" అన్నాడు వాడు ఉన్నట్టుండి. వాళ్ల నాన్న అక్కడే పని చేస్తాడని మీకు తెలీదు. కాసేపు ఆగి, "ఆ పిల్లోడికీ తోచలేదు నాయనా, చీటీ చింపి రెండింట్లో వేశాడు" అన్నారు. మావాడు 'కువై' దిగులులో, 'ట్' సంతోషంలో వేశాడు.

తెల్లారి సూదికి తనే చెయ్యి చాపాడు. డబ్బాలు ఇప్పుడు మా టీవీ పక్కన ఉన్నాయి. సూది చీటీ ఇంకా భయం డబ్బాలోనే ఉంది, నన్ను తీయనివ్వడు.