పంటల పట్టిక గురించి అమ్మాయికి ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

నువ్వు తయారుచేసి పంపిన పంటల పట్టిక అందింది. మూడు చేలకూ మూడు వరుసలు పెట్టి, విత్తడం, ఎరువు, నీరు, కోత అని గడులు గీసి, ఒక్కొక్క గడిలో నెల పేరు రాశావు. చూడడానికి శుభ్రంగా ఉంది, గోడకు అంటించాను. అయితే దాన్ని పట్టుకుని చేలోకి వెళితే ఎక్కడ తేడా వస్తుందో నీకు వివరంగా రాయాలనిపించింది.

మన కృష్ణా డెల్టాలో మొదటి తేదీ మన చేతిలో ఉండదు. కాలువకు నీళ్ళు వదిలితేనే నారుమడి, నారుమడి పోస్తేనే ఊడ్పులు. అందువల్ల పట్టికలో నెల పేరు కాకుండా, విత్తనం చల్లిన రోజును ఒకటిగా పెట్టుకుని, అక్కడినుంచి ఎన్నో రోజున ఏ పని చేయాలో రాయడం మేలు.

పల్లం చేను సంగతే తీసుకో. అక్కడ మనం వేసేది బీపీటీ 5204 వరి. దానికి విత్తనం నుంచి కోతకు దాదాపు 150 రోజులు పడుతుంది. జులై 5న నారు పోస్తే డిసెంబరు 2 ప్రాంతంలో కోత వస్తుంది. ఎకరాకు ఒక బస్తా డీఏపీ దమ్ములోనే వేస్తాను. దుబ్బు చేసేటప్పుడు 25 కిలోలు, పిలకలో వెన్ను అంకురం పడేటప్పుడు 25 కిలోలు యూరియా చల్లుతాను. నువ్వు ఈ చివరి యూరియాను మూడు చేలకూ ఆగస్టు ఆఖరున రాశావు. అంకురం కోతకు సుమారు 65 రోజుల ముందు పడుతుంది కాబట్టి, ఈ దఫాను విత్తనం నుంచి ముందుకు కాక కోత నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. అలా చూస్తే పల్లం చేనుకు అది 85వ రోజు, అంటే సెప్టెంబరు 28. అదే జులై 25న మెరక చేనులో 120 రోజుల ఎంటీయూ 1010 చల్లామనుకో, దానికి 55వ రోజే, అంటే సెప్టెంబరు 18న అంకురం పడుతుంది. ఇరవై రోజులు ఆలస్యంగా విత్తిన చేనుకు పది రోజులు ముందుగా ఎరువు పడాలన్నమాట! నెల పేరు రాసిన గడిలో ఈ తిరకాసు కనిపించదు.

ఆ తేదీ దగ్గరపడినప్పుడు నేను కాగితాన్ని నమ్మను. ఒక పెద్ద పిలకను మొదలంటా పెరికి, వేళ్ళకు పైనున్న కాండం మొదలును బ్లేడుతో నిలువునా చీల్చి చూస్తాను. లోపల కణుపు పైన తెల్లని నూగుతో, ఆవగింజంత మొన కనిపిస్తే అంకురం పడినట్టే. మొన కనబడకపోతే రెండు మూడు రోజులు ఆగి మళ్ళీ చీల్చి చూస్తాను.

నీటి గడిని ఎరువు గడినుంచి విడదీశావు. ఆ రెండూ పక్కపక్కనే ఉండాలి. యూరియా చల్లే ముందు మడిలో నీరు తీసివేయాలి, చల్లిన ఒకటిన్నర, రెండు రోజుల తరువాత మళ్ళీ పలచగా నీరు పెట్టాలి. పల్లం చేనులో వానలు పడితే మురుగు కాలువ నిండి నీరు బయటికి పోదు కాబట్టి, అక్కడ తేదీ వచ్చినా బస్తా విప్పకుండా ఆగవలసి వస్తుంది. ఆ వరుసలో 'నీరు తీశాకే' అని రాసిపెట్టు.

ఇక రెండో పంట. కోతకు రెండు మూడు రోజుల ముందు నిలిచి ఉన్న వరిలోనే ఎకరాకు 16 నుంచి 18 కిలోల మినుములు చల్లుతాం. కాలు వేస్తే అడుగు ముద్ర పడాలి, ఆ ముద్రలో నీరు ఊరకూడదు. నీరు ఊరితే గింజ కుళ్ళిపోతుంది, మరీ ఆరితే మొలవదు. దానికి ఎరువు, నీరు గడులు ఖాళీగా ఉంచవచ్చు, వరి మిగిల్చిన తడీ సారమే ఆ పంటకు ఆధారం. కోత యంత్రం దిగితే మాత్రం దాని చక్రాల కింద మొలకలు నలిగిపోతాయి, కూలీలు దొరకని ఏడాది ఇదే తంటా.

మినుములకు నేను పెట్టుకున్న గడువు డిసెంబరు మధ్య. ఆపైన చల్లితే పూత, కాయ దశకు నేలలో తడి ఆరిపోతుంది. కాలువ ఇరవై రోజులు ఆలస్యమై బీపీటీ నారు జులై 25న పోస్తే కోత డిసెంబరు 22కు జరుగుతుంది, అప్పుడు మినుముల గడి కొట్టివేయవలసిందే. దుక్కి లేకుండా మొక్కజొన్న వేయవచ్చు గానీ, దానికి ఐదారు తడులు కావాలి. అన్ని తడులు బోరున్న కాలువ గట్టు చేనుకే ఇవ్వగలం. పల్లం చేను అప్పుడు ఖాళీగా ఉండిపోతుంది.

అందుచేత మొదటి గడిని ఖాళీగా ఉంచి, మిగిలినవన్నీ రోజుల లెక్కలో రాసి మళ్ళీ పంపు. కాలువకు నీళ్ళు వదిలిన రోజు నీకు ఫోన్ చేస్తాను, ఆ తేదీ నువ్వే వేద్దువుగాని.

మీ నాన్న