తిరుపతి జిల్లా రిజిస్ట్రారు గారికి బహిరంగ లేఖ

అయ్యా,

భార్యాభర్తలు ఇద్దరి పేర్లతో ఇల్లు రిజిస్టర్ చేయించుకుని, ఒకరు పోతే మొత్తం రెండోవారిదేనని ధీమాగా ఉంటున్నారు. దస్తావేజులో ఆ మాట స్పష్టంగా లేకపోతే అలా జరగదు. ఎవరెంత పెట్టారో రుజువు లేనప్పుడు చెరి సగం. పోయినవారి సగం వారి వారసులకు వెళ్తుంది.

ఇద్దరూ ఒకే ప్రమాదంలో పోతే? పిల్లలు లేని హిందూ జంట అనుకోండి. ఆయనకు 41, ఆమెకు 37. తన వాటా భార్యకని ఆయన, తన ఆస్తంతా కన్నతల్లికని ఆమె వీలునామాలు రాశారు. చెన్నై రోడ్డులో కారు ప్రమాదం, ముందు ఎవరు పోయారో తెలియదు. 1956 హిందూ వారసత్వ చట్టం 21వ సెక్షన్ ప్రకారం, వేరే రుజువు లేకపోతే, వయసులో చిన్నవారే తర్వాత పోయినట్టు లెక్క. అంటే ఆయన సగం భార్యకు వచ్చి, ఆమె వీలునామాతో ఇల్లంతా ఆమె తల్లికి చేరుతుంది. అదే ఇంట్లో ఉంటున్న ఆయన తల్లికి ఒక్క గదీ మిగలదు. ఎంత అన్యాయం!

భార్య పోయాక కూడా ఆయనకు ఊపిరి ఉందని ఆసుపత్రి రికార్డు చూపితే కథ మారుతుంది. భార్యకు రాసింది చెల్లదు, ఆయన సగం ఆయన తల్లికే వస్తుంది. అందుకే ఆ కాగితాలు జాగ్రత్త చేయాలి.

‘నా తర్వాత 30 రోజులు నా భార్య బతికి ఉంటేనే ఆమెకు, లేదంటే మా అమ్మకు’ అని వీలునామాలో ఒక్క వాక్యం ఉంటే ఈ టెన్షన్ ఉండదు. ఈ సంగతి తెలుగులో రాసి ప్రతి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో బోర్డు పెట్టించండి. జంట దస్తావేజుల్లో ఎవరి వాటా ఎంతో రాయమని దస్తావేజు లేఖరులకు చెప్పండి.

ఇట్లు,
తిరుపతి వాసి