సింక్ ఫోల్డర్‌ను షేర్డ్ ఫోల్డర్ అని చెప్పి అమ్మినందుకు ఫిర్యాదు

విజయవాడ

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ముగ్గురు యూజర్ల క్లౌడ్ సింక్ ప్లాను – మిగిలిన నెలల సొమ్ము వాపసు గురించి.

అయ్యా,

ఆటోనగర్‌లో మాది లారీ స్పేర్ పార్టుల దుకాణం. కౌంటర్లో ఒక కంప్యూటర్, వెనక గోడౌన్‌లో ఒకటి, పైన అకౌంట్ల గదిలో ఒకటి ఉన్నాయి. స్టాకు, రేట్ల ఎక్సెల్ ఫైళ్లు మూడు చోట్లా కావాలి. వాటి కోసం కొట్లోనే నాస్, అంటే అన్ని కంప్యూటర్లూ కలిసి వాడుకునే డిస్కుల పెట్టె, పెట్టుకోవాలా, మీ సర్వీసు తీసుకోవాలా అని చూస్తున్నప్పుడు మీ ప్రతినిధి వచ్చారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన సంగతి ఎత్తి, "పెట్టె కొట్లో ఉంటే కొట్టుతోపాటే మునుగుతుంది సార్, మా దగ్గరైతే ఎక్కడో సర్వర్లో భద్రం" అన్నారు. ఆ మాట నిజమే. ఆ తర్వాత అన్నదాని మీదే నా ఫిర్యాదు: "నాస్‌లో షేర్డ్ ఫోల్డర్ ఎలాగో ఇదీ అచ్చం అలాగే." అది నమ్మి ఏడాది డబ్బు ముందే కట్టాను.

అచ్చం అలాగే కాదు. మచ్చుకు ఒక్క క్లచ్ ప్లేటు లెక్క చెప్తాను. ఉదయం ఫైల్లో 24 ఉన్నాయి. ట్రాన్స్‌పోర్టు నుంచి 30 దిగితే గోడౌన్ కుర్రాడు 54 అని రాసి సేవ్ చేశాడు. అప్పటికే కౌంటర్లో అదే ఫైలు తెరిచి ఉంది. అక్కడ ఇంకా 24 కనిపిస్తోంది. 4 అమ్మి, 20 అని రాసి సేవ్ చేశారు. మీ సర్వర్ ముందు చేరిన 54ను అసలు ఫైలుగా ఉంచుకుని, రెండోదాన్ని `Stock (conflicted copy).xlsx` అనే పేరుతో పక్కన పడేసింది. అరల్లో ఉన్నవి 50. ఒక ఫైలు 54 అంటోంది, ఇంకోటి 20 అంటోంది. రెండూ తప్పే. పాత వెర్షన్ వెనక్కి తెచ్చుకోమని మీ సపోర్టు వాళ్లు సలహా ఇచ్చారు. ఏ వెర్షన్‌లోనూ 50 లేనప్పుడు దేన్ని తెచ్చుకోవాలి? ఇలాంటి లెక్క నమ్మే, లేని సరుకు ఉందని ఒక లారీ ఓనరుకు మాటిచ్చి, ఆయన మనిషిని ఖాళీ చేతులతో పంపాం.

కారణం మీకు తెలియనిది కాదు. మీ సర్వీసులో ప్రతి కంప్యూటర్‌లోనూ ఫైలుకు సొంత కాపీ ఉంటుంది. మనిషి రాసేది ఆ కాపీలో, సర్వర్‌కు చేరేది సేవ్ చేశాక. పక్క గదిలో అదే ఫైలు తెరిచి ఉన్నట్టు ఎక్సెల్‌కు తెలిసే దారే లేదు. నెట్ పోయిన పూట ఎవరి లెక్క వారిదే. నాస్‌లో ఫైలు ఒక్కచోటే ఉంటుంది. ఒకరు తెరిస్తే దానికి తాళం పడుతుంది. రెండోవాళ్లకు `locked for editing` అని తెర మీద వస్తుంది, చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది. కౌంటర్లో రద్దీగా ఉన్నప్పుడు అదీ చికాకే, కాదనను. కానీ ఆగి రాసుకున్న లెక్క తప్పదు. పైగా అది కొట్లోని రౌటర్ మీదే నడుస్తుంది కాబట్టి నెట్‌తో పనిలేదు. ఒకే షీటులో ఇద్దరూ ఒకేసారి రాసుకునే ఆన్‌లైన్ వసతి కొన్ని సర్వీసుల్లో ఉంటుంది. మీ దానిలో లేదని మీ సపోర్టు వాళ్లే చెప్పారు.

టాలీ డేటా కూడా ఇందులోనే పెట్టమని మీ ప్రతినిధి చెప్పారు. మా అకౌంటెంటు అడ్డం తిరిగారు కాబట్టి సరిపోయింది. టాలీ డేటా అంటే కలిసి మారే ఫైళ్ల గుంపు. మీ సాఫ్ట్‌వేర్ వాటిని విడివిడిగా పంపుతుంది, సగం కొత్తవీ సగం పాతవీ ఉన్న గుంపును టాలీ తెరవలేకపోవచ్చు.

రెండు డిస్కుల నాస్ తెప్పించి, యూపీఎస్‌తో పై గదిలో పెట్టించాను. రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా ఉంటుంది కాబట్టి ఒకటి పోయినా పని ఆగదు. కానీ పొరపాటున చెరిపేసింది రెండింటిలోనూ చెరిగిపోతుంది. దొంగ పెట్టెనే ఎత్తుకుపోతే రెండూ పోతాయి. అందుకే రోజూ రాత్రి దాని కాపీ ఊరి బయట సర్వర్‌కు చేరాలి. మీతో నాకు మిగిలిన అవసరం అదొక్కటే.

కాబట్టి ముగ్గురు యూజర్ల ప్లాను రద్దు చేసి, ఒక్క ఖాతా ఉంచి, మిగిలిన నెలల తేడా సొమ్ము వాపసు చేయండి. ఆ ఖాతాలోకి నాస్ నుంచి నేరుగా బ్యాకప్ పంపే వీలుందా, చెరిపేసిన ఫైళ్లను ఎన్ని రోజులు ఉంచుతారు, ఈ రెండూ రాతపూర్వకంగా చెప్పండి. నాస్‌లో ఫైలు చెరిగితే మీ దగ్గరా వెంటనే చెరిగిపోయే పద్ధతి అయితే ఆ ఒక్క ఖాతా కూడా నాకు వద్దు, సొమ్మంతా తిప్పి పంపండి. సర్వర్లో ఉన్న మా ఫైళ్లను మేం దించుకునేదాకా తీసేయకండి.

పదిహేను రోజుల్లో జవాబు కోరుతున్నాను. బిల్లు, రెండు స్టాకు ఫైళ్లు, మీ ప్రతినిధి పంపిన వాట్సాప్ సందేశాల ఫొటోలు జతచేశాను.

ఇట్లు,
యజమాని,
లారీ స్పేర్ పార్టుల దుకాణం,
ఆటోనగర్, విజయవాడ