ఆర్థిక మంత్రి గారూ, ఆ 3.2 శాతం తేడా మీ చేతిలో లేదు

కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారం. 2031 మార్చి నాటికి కేంద్రం అప్పును జీడీపీలో 50 శాతానికి, ఒక శాతం అటూఇటూగా, దించుతామని 2025-26 బడ్జెట్‌లో చెప్పారు. ఆ పత్రాలు ముందేసుకుని, పెన్నూ కాగితంతో లెక్క కట్టాను.

ఆ ఏడాది వడ్డీలకు పెట్టింది 12.76 లక్షల కోట్లు. ఏడాది మొదట్లో ఉన్న అప్పుతో దాన్ని భాగిస్తే సగటు వడ్డీ 6.9 శాతం తేలుతుంది. జీడీపీ మాత్రం, ధరల పెరుగుదలతో కలిపి, 10.1 శాతం పెరుగుతుందని అంచనా వేశారు. అప్పు కన్నా ఆదాయం వేగంగా పెరుగుతోందన్నమాట. ఈ 3.2 తేడా వల్లే, జీడీపీలో 57.1 శాతంగా ఉన్న అప్పు నిష్పత్తి దానంతటదే 1.7 మేర దిగుతుంది. వడ్డీలు పక్కనపెట్టి చూసే ప్రాథమిక లోటు 0.8 కనుక, అందులో సగం పోయి నికరంగా 0.9 తగ్గుతుంది. ఏడాది చివరికి మీరు చూపిన 56.1కి నా లెక్క దాదాపు సరిపోయింది.

ఇక్కడి నుంచి 50కి అయిదేళ్లలో చేరాలంటే ఏటా 1.2 తగ్గాలి. వృద్ధి పదిలో ఉంటే 0.3 ప్రాథమిక లోటుతో గట్టెక్కవచ్చు. అదే 8కి జారితే? తేడా 1.1కే కుదించుకుపోతుంది. నిష్పత్తి పెరగకుండా ఆపడానికే ప్రాథమిక లోటు 0.6 దాటకూడదు. 50కి చేరాలంటే లోటు కాదు, 0.7 మిగులు చూపాలి. 0.8 లోటు నుంచి 0.7 మిగులుకు రావడమంటే జీడీపీలో 1.5 శాతం, అంటే అయిదు లక్షల కోట్ల పైమాటే. ఆ బడ్జెట్‌లో మీ మూలధన వ్యయం మొత్తం 11.21 లక్షల కోట్లు. కోత అక్కడే పడితే వృద్ధి ఇంకా కుంగుతుంది.

8 శాతం భయపెట్టడానికి తెచ్చిన అంకె కాదు. ధరలు నెమ్మదిస్తే ఈ వృద్ధి ఆ ఏడాదే పడిపోతుంది. వడ్డీ మాత్రం అంత తొందరగా దిగదు, ఎందుకంటే పాత బాండ్లు పాత రేటుకే ఏళ్ల తరబడి నడుస్తాయి. ద్రవ్యోల్బణం తగ్గిందని ఇంట్లో సంతోషిస్తాం, మీ అప్పు లెక్కకు అది ఎదురుదెబ్బ. 2020-21లో జీడీపీయే కుంచించుకుపోయి, లోటు ఉబ్బి, 50 దగ్గర ఉన్న నిష్పత్తి ఒక్క ఏడాదిలో 60 దాటింది కదా.

నా విన్నపం ఒక్కటే. వృద్ధి 8, 9, 10 శాతాల్లో ఒక్కోదానికి ఎంత ప్రాథమిక లోటు లేదా మిగులు కావాలో ఏటా ఒక చిన్న పట్టికగా బడ్జెట్ పత్రాల్లో ఇవ్వండి. 8 వరుసలో మిగులు కనిపిస్తే, దాన్ని ఏ పద్దు నుంచి తెస్తారో కూడా పక్కనే రాయించండి.

ఇట్లు,
ఒక అర్థశాస్త్ర అధ్యాపకుడు